కొడుకు పేరున న్యూజెర్సీ షేర్లు... తెనాలి దాకా వచ్చే దారి

అమెరికాలో షేర్ల రిజిస్ట్రార్‌కు చనిపోయినవాడి తండ్రితో పని లేదు, తల్లితో పని లేదు. కన్నవాళ్లమని ఎంత వివరంగా రాసినా, తహసీల్దార్ ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసినా, ఆ కవరు వెనక్కి వస్తుంది. అక్కడ షేర్లు కదలాలంటే కోర్టు నియమించిన ఒక మనిషి సంతకం కావాలి. ఆ సంతకం ఆ మనిషిదేనని ఒక బ్యాంకు పూచీ పడాలి. మన తల్లిదండ్రులకు తెలియని సంగతి ఇదే. తెలియక ముందు ఉత్తరం రాసేస్తారు. ఆ ఉత్తరం తిరిగి వచ్చాక న్యాయవాదిని వెతుక్కుంటారు.

అమెరికాలో మన పిల్లలు హఠాత్తుగా చనిపోయినప్పుడు తెలుగు సంఘాలు కదులుతాయి. తానా వారి టీమ్ స్క్వేర్ లాంటి బృందాలు ఆసుపత్రితో, కాన్సులేట్‌తో మాట్లాడి పార్థివదేహాన్ని ఊరికి చేరుస్తాయి. ఆ పది పదిహేను రోజులు ఇల్లంతా మనుషులే. ఆరు నెలలు గడిచాక డివిడెండ్ కాగితం ఒకటి వచ్చినప్పుడు మాత్రం ఇంట్లో తల్లిదండ్రులిద్దరే ఉంటారు. దాన్ని ఏం చేయాలో చెప్పే మనిషి ఉండడు. ఈ కథనం వాళ్ల కోసం.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, అంకెలు కూడా లెక్క కోసం వేసుకున్నవే. తల్లిదండ్రులది తెనాలి. కొడుకు ఎంఎస్ చదవడానికి వెళ్లి, హెచ్-1బి మీద పనిచేస్తూ, పదేళ్లుగా ఎడిసన్‌లో ఉన్నాడు. పెళ్లి కాలేదు, వీలునామా లేదు. 2024లో చనిపోయాడు. న్యూజెర్సీలోనే నమోదైన ఒక పెద్ద మందుల కంపెనీలో అతనికి 1000 షేర్లున్నాయి. మరణించిన నాటి ధర 160 డాలర్లు, అంటే 1,60,000 డాలర్లు. షేర్లు బ్రోకర్ దగ్గర లేవు. డివిడెండ్‌తో మళ్లీ అవే షేర్లు కొనే పథకంలో, నేరుగా కంపెనీ రిజిస్ట్రార్ పుస్తకాల్లో అతని పేరున ఉన్నాయి. రిజిస్ట్రార్‌ను అక్కడ ట్రాన్స్‌ఫర్ ఏజెంట్ అంటారు. కంప్యూటర్‌షేర్, ఈక్వినిటీ వంటివి ఈ పని చేసే పెద్ద సంస్థలు.

ముందుగా చూడాల్సింది ఆ ఖాతాలో 'మరణానంతరం ఫలానావారికి' అని పేరు రాసి ఉందేమో. దాన్ని టీఓడీ నమోదు అంటారు. ఉంటే కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు. మన కుర్రాడి ఖాతాలో లేదు. పాతికేళ్లప్పుడు తెరిచిన ఖాతాలో ఆ గడి నింపాలని ఎవరికి తోస్తుంది!

వారసులు ఎవరన్నది ఏ దేశపు లెక్క?

షేర్లు చరాస్తి. చనిపోయిన మనిషి స్థిరనివాసం ఎక్కడో అక్కడి చట్టమే చరాస్తికి వారసులను తేలుస్తుంది. ఇక్కడ స్థిరనివాసం అంటే రేషన్ కార్డు ఉన్న ఊరు కాదు, పుట్టిన ఊరూ కాదు. ఎక్కడ ఉంటూ, అక్కడే ఉండిపోవాలని అనుకున్నాడో ఆ చోటు. మన కుర్రాడి తరఫున కంపెనీ గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసింది. అది ఆమోదం పొంది వరుసలో ఉంది. పన్నులు, లైసెన్సు, స్నేహితులకు రాసిన మాటలు అన్నీ ఎడిసన్‌నే చూపించాయి. న్యాయవాది వాటన్నిటినీ చూసి న్యూజెర్సీయే స్థిరనివాసమని నిర్ణయించారు.

పెళ్లికాని, పిల్లలు లేని మనిషికి అక్కడి చట్టం ప్రకారం తల్లిదండ్రులిద్దరూ సమాన వారసులు. హిందూ వారసత్వ చట్టమైతే మొదటి వరుసలో తల్లి ఒక్కతే ఉంటుంది, తండ్రి రెండో వరుసలోకి వెళ్తాడు. ఈ కేసులో ఆ తేడా ఇంట్లోనే సర్దుకుంటుంది. అతనికి పెళ్లై, పిల్లలు లేకపోతే మాత్రం తేడా పెద్దది. న్యూజెర్సీలో భార్యకు ముందు ఆస్తిలో నాలుగో వంతు ఇస్తారు. అది 50,000 డాలర్లకు తగ్గకూడదు, 2,00,000 దాటకూడదు. మిగిలినదాంట్లో ముప్పావు వంతు కూడా ఆమెదే. ఆస్తి అంతా ఈ 1,60,000 డాలర్లే అనుకుంటే భార్యకు 1,32,500, తల్లిదండ్రులిద్దరికీ కలిపి 27,500. హిందూ వారసత్వ చట్టం కింద భార్యకు 80,000, తల్లికి 80,000 వచ్చేవి. ఇద్దరికీ పుట్టిన పిల్లలు ఉంటే న్యూజెర్సీలో మొత్తం భార్యకే పోతుంది. కోడలి మీద అత్తమామలు ఇక్కడ పంచాయితీ పెట్టే ముందు ఈ లెక్క తెలుసుకోవాలి. ఆమె ఎవరి సొమ్మూ దాచుకోలేదు, చట్టం ఆమెకు అలా ఇచ్చింది.

సంతకం పెట్టే మనిషి

మన దగ్గర చనిపోయినవారి షేర్ల కోసం వారసుడే ఐఎస్ఆర్-5 ఫారం నింపి రిజిస్ట్రార్‌కు పంపుతాడు. అమెరికాలో వారసుడు వరుసలో చివర వస్తాడు. ముందు ఎస్టేట్, దానికి ఒక అడ్మినిస్ట్రేటర్. ఎడిసన్ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంది కాబట్టి న్యూ బ్రన్స్‌విక్‌లోని సరోగేట్ కార్యాలయానికి వెళ్లాలి. న్యూజెర్సీలో ప్రతి కౌంటీకీ ప్రజలు ఎన్నుకున్న సరోగేట్ ఒకరుంటారు. వీలునామా లేనివారి ఎస్టేట్‌కు అడ్మినిస్ట్రేటర్‌ను నియమించేది వారే. భార్యో భర్తో లేని మనిషి ఆస్తి 20,000 డాలర్ల లోపుంటే ఒక అఫిడవిట్‌తో పని జరిగిపోతుంది. మన కేసు ఆ హద్దు దాటింది.

నియామకంలో మొదటి హక్కు తల్లిదండ్రులది. తెనాలి నుంచి తండ్రే అడ్మినిస్ట్రేటర్ కావచ్చు కదా అనిపిస్తుంది. ఆ దారి ఎక్కడ మూసుకుపోతుందో తర్వాత చెబుతాను. ఎడిసన్‌లోనే ఉన్న పెదనాన్న కొడుకు ముందుకొచ్చాడనుకుందాం. అతన్ని నియమించాలంటే తల్లిదండ్రులిద్దరూ తమ హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ఆ కాగితం పేరు రినన్సియేషన్. అది చూడగానే ఇంట్లో గుండె జారుతుంది. "కొడుకు ఆస్తి మాకొద్దని రాసివ్వమంటున్నాడు" అని బంధువుల్లో మాట పాకుతుంది.

ఈ మాట అతనే ఫోన్‌లో ముందుగా చెప్పాలి: "బాబాయ్, మీరు వదులుకునేది ఆఫీసు చుట్టూ తిరిగే పనిని. ఆస్తిని కాదు. డబ్బు మీదీ, పిన్నిదీ. ఆస్తి వదులుకునే కాగితం వేరే ఉంటుంది, దాన్ని డిస్‌క్లెయిమర్ అంటారు. ఆ మాట ఎక్కడైనా కనిపిస్తే సంతకం పెట్టకండి, నాకు చెప్పండి." ఈ రెండు కాగితాలూ ఒకటేననుకుని విడిపోయిన అన్నదమ్ములుంటారు. అందుకే కాగితం పంపే ముందు ఆ ఫోన్ చేయాలి.

సంతకాలు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో పెట్టవచ్చు. నోటరీ ముద్ర ఒక్కోదానికి 50 డాలర్లు తీసుకుంటారు. లేదంటే మన నోటరీ ముందు పెట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించవచ్చు. ఏది కావాలో సరోగేట్ కార్యాలయాన్ని ముందే అడగడం మేలు. ఇక అడ్మినిస్ట్రేటర్ డబ్బు దుర్వినియోగం చేయకుండా కోర్టు ష్యూరిటీ బాండ్ కోరుతుంది. బీమా కంపెనీ ఆ బాండ్ ఇస్తుంది. ప్రీమియం ఎస్టేట్ ఖర్చు కిందే పోతుంది.

ఇదంతా అయ్యాక సరోగేట్ ముద్ర వేసిన చిన్న కాగితం చేతికొస్తుంది. షార్ట్ సర్టిఫికెట్ అంటారు. ఫలానా మనిషి ఈ ఎస్టేట్‌కు అడ్మినిస్ట్రేటర్, నియామకం ఇంకా అమల్లో ఉంది అని అందులో ఉంటుంది. రిజిస్ట్రార్ దృష్టిలో 'వారసుడి' స్థానం ఈ కాగితానిదే. అయితే దానికి ఆయుష్షు తక్కువ. ట్రాన్స్‌ఫర్ ఏజెంట్లు సాధారణంగా 60 రోజుల లోపు తేదీ ఉన్నదే తీసుకుంటారు. అందుకని మిగతావన్నీ సిద్ధమయ్యాక చివర్లో తాజా ప్రతి తీసుకోవాలి. ముందే డజను ప్రతులు తీసి పెట్టుకున్నవాళ్లు, ఒక్క లోపంతో కవరు తిరిగొచ్చేసరికి డజనూ పాతబడిపోయి మళ్లీ మొదటికొస్తారు.

నోటరీ చాలదు, మెడాలియన్ కావాలి

తెనాలి తండ్రి దారి మూసుకుపోయేది ఇక్కడే. బదిలీ ఫారం మీద అడ్మినిస్ట్రేటర్ సంతకం పక్కన మెడాలియన్ సిగ్నేచర్ గ్యారంటీ ముద్ర ఉండాలి. నోటరీ సంతకం పెట్టిన మనిషిని గుర్తిస్తాడు, అంతే. మెడాలియన్ వేసిన బ్యాంకు, సంతకం దొంగదని తేలితే నష్టం తానే భరిస్తుంది. స్టాంప్ వంటి పథకాల్లో చేరిన బ్యాంకులు, బ్రోకర్లే దీన్ని వేస్తాయి. అమెరికా కాన్సులేట్లు వేయవు. మన బ్యాంకు మేనేజరు గారు వేసిన రబ్బరు ముద్ర పనికిరాదు. స్థానికంగా ఉన్న బంధువును అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టడానికి అసలు కారణం ఇదే.

అక్కడ ఉన్నవాళ్లకు కూడా ఇది తేలిక కాదు. చాలా శాఖలు తమ ఖాతాదారులకు తప్ప వేయవు. కాబట్టి ఎస్టేట్ పేరున బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడే, ఈ శాఖలో మెడాలియన్ వేస్తారా, ఎంత విలువ దాకా వేస్తారు అని అడగాలి. ముద్ర మీద మొదటి అక్షరం దాని పరిమితి చెబుతుంది. 'డి' అక్షరంతో మొదలైతే 2,50,000 డాలర్ల వరకు, 'జెడ్' అయితే కోటి డాలర్ల వరకు. మన 1,60,000 డాలర్ల షేర్లకు 'డి' సరిపోతుంది. లక్ష డాలర్ల దాకానే చెల్లే ముద్ర వేయించుకుని పంపితే కవరు తిరుగు టపాలో వస్తుంది. బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఖాళీ ఫారం, షార్ట్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, షేర్ల విలువ చూపే తాజా స్టేట్‌మెంట్ పట్టుకెళ్లాలి. సంతకం బ్యాంకు అధికారి ఎదుటే పెట్టాలి, ఇంట్లో పెట్టుకుని వెళ్లకూడదు.

ఒక్క అఫిడవిట్, 29,000 డాలర్లు

ట్రాన్స్‌ఫర్ ఏజెంటు అడిగే కాగితాల్లో స్థిరనివాస అఫిడవిట్ ఒకటి. చూడటానికి చిరునామా రాసే ఫారంలా ఉంటుంది. 'శాశ్వత నివాసం' అన్న చోట అలవాటు కొద్దీ తెనాలి ఇంటి నంబరు రాసేస్తారు. దాని పర్యవసానం చూడండి. స్థిరనివాసం అమెరికాలో ఉన్నవాడి ఎస్టేట్‌కు 2024లో కోటీ 36 లక్షల డాలర్ల దాకా ఫెడరల్ ఎస్టేట్ పన్ను లేదు. పౌరుడు కాక, స్థిరనివాసం కూడా లేనివాడికైతే ఆ హద్దు 60,000 డాలర్లే. అమెరికా కంపెనీ షేర్లు ఎక్కడున్నా అమెరికా ఆస్తే. మినహాయింపు ఖర్చులు పక్కనపెడితే 1,60,000 డాలర్ల మీద పన్ను లెక్క 42,000. అందులో 13,000 తగ్గింపు పోగా కట్టాల్సింది 29,000 డాలర్లు. 706-ఎన్ఏ ఫారం మరణించిన 9 నెలల్లోగా దాఖలు చేయాలి. పైగా ఐఆర్ఎస్ బదిలీ పత్రం చూపేదాకా ట్రాన్స్‌ఫర్ ఏజెంటు షేర్లు కదపకపోవచ్చు. ఈ పన్నుపై రెండు దేశాల మధ్య ఒప్పందమేమీ లేదు.

పన్ను తప్పించుకోవడానికి ఎడిసన్ అని రాయమని నేను చెప్పడం లేదు. చదువు అయ్యాక తిరిగి వచ్చేద్దామనుకున్న విద్యార్థి స్థిరనివాసం నిజంగానే తెనాలి కావచ్చు. అప్పుడు ఆ పన్ను న్యాయంగా కట్టాల్సిందే. నేను చెప్పేది, నిజం ఏమిటో ఎస్టేట్ న్యాయవాదితో ముందు తేల్చుకుని, అన్ని కాగితాల్లోనూ అదే రాయమని. సరోగేట్‌కు ఎడిసన్ వాసి అని చెప్పి, అఫిడవిట్‌లో తెనాలి అని రాస్తే ఆ రెండూ ఒకదాన్నొకటి అబద్ధం చేస్తాయి.

న్యూజెర్సీ రాష్ట్రానికి వేరే వారసత్వ పన్ను ఉంది. అక్కడ నమోదైన కంపెనీ షేర్లకు రాష్ట్ర అనుమతి లేనిదే బదిలీ కుదరదు. జాన్సన్ అండ్ జాన్సన్, మెర్క్ లాంటివి ఆ రాష్ట్ర కంపెనీలే. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు క్లాస్ ఎ వారసులు, వారికి ఈ పన్ను లేదు. ఆ అనుమతికి బదులు వారి కోసం ఎల్-8 అనే అఫిడవిట్ నింపి, నోటరీ చేయించి, పన్నుల శాఖకు కాకుండా నేరుగా షేర్లున్న సంస్థకే ఇవ్వాలి.

ఇక ఉత్తరం

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. రాసే వరుస మాత్రం ఏ భాషలోనైనా ఒకటే. అది అడ్మినిస్ట్రేటర్ కుర్చీలో కూర్చుని రాయాలి. దుఃఖం, బంధుత్వం, కుటుంబ పరిస్థితి అందులో అక్కర్లేదు. చదివే గుమాస్తా వెతికేవి మూడే: ఎవరు అడుగుతున్నారు, ఏ అధికారంతో, ఏం చేయమంటున్నారు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

> విషయం: ఫలానా కంపెనీ సాధారణ షేర్లు, ఖాతా నంబరు ఫలానా. ఖాతాదారు ఫలానా తేదీన మరణించారు.
>
> పై ఖాతాదారు ఎస్టేట్‌కు న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీ సరోగేట్ నన్ను అడ్మినిస్ట్రేటర్‌గా నియమించారు. నియామకం ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ హోదాలో ఈ కోరిక పంపుతున్నాను.
>
> ఈ ఖాతాలోని షేర్లన్నిటినీ, భిన్నాల్లో ఉన్న షేర్లతో సహా, ఎస్టేట్ పేరున కొత్త ఖాతాకు మార్చగలరు. డివిడెండ్‌తో షేర్లు కొనే పథకాన్ని ఆపగలరు. ఇప్పటిదాకా నగదు కాని డివిడెండ్ చెక్కులను ఎస్టేట్ పేరున తిరిగి ఇవ్వగలరు.
>
> ఖాతాలో పేరు ఒక విధంగా, మరణ ధ్రువపత్రంలో మరో విధంగా ఉంది. ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్ జతచేశాను.
>
> జతచేసినవి: మెడాలియన్ ముద్రతో బదిలీ ఫారం, షార్ట్ సర్టిఫికెట్ అసలు, మరణ ధ్రువపత్రం ధ్రువీకృత ప్రతి, స్థిరనివాస అఫిడవిట్, ఎల్-8, ఎస్టేట్ పన్ను నంబరుతో డబ్ల్యూ-9, పేరు అఫిడవిట్.
>
> లోపమేదైనా ఉంటే నాకు ఫోన్ చేయగలరు.

'షేర్లన్నిటినీ' అన్న మాట కావాలనే రాశాం. డివిడెండ్‌తో కొనే పథకంలో షేర్ల లెక్క సాధారణంగా పూర్ణాంకంగా ఉండదు. 1000 అని రాస్తే 1000 మార్చి, మిగిలిన 0.437 షేరును పాత ఖాతాలో వదిలేస్తారు. ఆ ముక్క కోసం మళ్లీ మొత్తం తంతు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉత్తరంలో పూర్తిగా రాయకూడదు, చివరి నాలుగు అంకెలు చాలు.

పేరు గురించిన పేరా మనవాళ్లకు తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఇంటిపేరు ముందుండే మన పద్ధతికీ, వెనక ఉండే వాళ్ల పద్ధతికీ మధ్య ఒకే మనిషికి మూడు పేర్లు పుడతాయి. పాస్‌పోర్టులో మొదటి పేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. ఆ మూడక్షరాలే ఖాతా పేరులోకి ఎక్కి కూర్చుంటాయి. వాళ్లు అడిగేదాకా ఆగితే నెల పోతుంది. ముందే చెబితే ఒక పేరాతో సరిపోతుంది.

అమ్మాలా, తల్లిదండ్రుల పేరున మార్చాలా?

ఉత్తరంలో నేరుగా తల్లిదండ్రుల పేరున కాకుండా ఎస్టేట్ పేరున మార్చమన్నాం, గమనించారా? కొడుకు జ్ఞాపకంగా ఆ షేర్లు తమ పేరునే ఉంచుకోవాలని తల్లికి ఉంటుంది. చట్టం అడ్డు చెప్పదు. విదేశంలో ఉన్నవారి నుంచి వారసత్వంగా వచ్చిన విదేశీ షేర్లు భారత వాసులు ఉంచుకోవచ్చు. డబ్ల్యూ-8బెన్ ఇస్తే డివిడెండ్ మీద 25 శాతం అమెరికాలో కోస్తారు. ఇక్కడ ఏటా రిటర్నులో విదేశీ ఆస్తిగా చూపాలి.

కానీ ఒక లెక్క చూడండి. ఇద్దరికీ చెరి 500 షేర్లు, అంటే చెరి 80,000 డాలర్లు. తెనాలిలో ఉన్న ఆ ఇద్దరి స్థిరనివాసం మీద ఎవరికీ సందేహం ఉండదు. వారిలో ఒకరు పోయిన రోజున 60,000 డాలర్ల హద్దు దాటి అదే 706-ఎన్ఏ వస్తుంది. మళ్లీ అడ్మినిస్ట్రేటర్, మళ్లీ మెడాలియన్. కొడుకు విషయంలో తప్పిన పన్ను తల్లి విషయంలో తప్పదు. అందుకే ఎస్టేట్ ఖాతాలోనే షేర్లు అమ్మి, డబ్బు తెనాలి పంపడం మంచిదంటాను. మరణించిన నాటి ధరే ఎస్టేట్‌కు కొన్న ధర అవుతుంది కాబట్టి త్వరగా అమ్మితే లాభం మీద పన్ను దాదాపు ఉండదు. ఆ నాటి ధర అంటే ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల సగటు. ఆ అంకె రాసి పెట్టుకోవాలి. వారసత్వపు డబ్బు మీద మన దేశంలో ఆదాయపు పన్ను లేదు.

ఏదీ చేయకుండా ఊరుకోవడం మాత్రం కుదరదు. ఖాతాదారు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే న్యూజెర్సీలో మూడేళ్లకు షేర్లను 'ఎవరూ అడగని ఆస్తి'గా రాష్ట్రానికి అప్పగిస్తారు. రాష్ట్రం వాటిని అమ్మేయవచ్చు. ఆ తర్వాత సాధారణంగా దొరికేది అమ్మిన నాటి డబ్బే.

తెనాలి ఖాతాలో డబ్బు పడ్డాక ఇంకో కాగితం వస్తుంది. రిఫండింగ్ బాండ్ అండ్ రిలీజ్ అంటారు. మా వాటా మాకు ముట్టింది, తర్వాత ఎస్టేట్ అప్పు ఏదైనా బయటపడితే మా వాటా మేరకు తిరిగిస్తాం అని తల్లిదండ్రులిద్దరూ విడివిడిగా సంతకం పెట్టాలి. వాటిని అడ్మినిస్ట్రేటర్ న్యూ బ్రన్స్‌విక్‌లో సరోగేట్ దగ్గర దాఖలు చేస్తాడు. అవి చేరేదాకా ఆ పెదనాన్న కొడుకు పేరున ష్యూరిటీ బాండ్ నడుస్తూనే ఉంటుంది, దాని ప్రీమియం కూడా. డబ్బు అందిన వారంలోనే నోటరీ చేయించి ఆ రెండూ పంపించేయాలి.